పర్మిషన్ ఉన్నా మానిటైజేషన్ ఎందుకు రాదు?

ప్రశ్న: వైజాగ్ డ్రోన్ క్లిప్పులన్నీ పర్మిషన్‌తోనే వాడాను, స్ట్రైక్ కూడా లేదు. యూట్యూబ్ 'రీయూజ్డ్ కంటెంట్' అని ఎందుకు తిరస్కరించింది?

ఆ వీడియోల్లో మీరు కొత్తగా చేర్చింది కనిపించకపోవడం వల్లే తిరస్కరించింది. పర్మిషన్ ఉంటే చాలనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కాపీరైట్ వేరు, ఈ నియమం వేరు. రివ్యూలో చానెల్ మొత్తాన్ని, ముఖ్యంగా ఎక్కువ మంది చూసినవీ కొత్తవీ చూస్తారు. ఒకే మూసలో బీచ్ పేరు మాత్రమే మార్చి వరసగా పెట్టిన వీడియోలకూ ఇదే గతి.

ఉదాహరణకు, ఆర్కే బీచ్‌లోని కుర్సురా సబ్‌మెరైన్ క్లిప్పుకు పాట జోడిస్తే అది ఎడిటింగ్ మాత్రమే. 2001లో నౌకాదళం నుంచి తప్పుకున్న ఆ సబ్‌మెరైన్ లోపల టార్పెడో గది ఎలా పనిచేసేదో క్లిప్పును ఆపి ఆపి మీ గొంతుతో వివరిస్తే అది మీ వీడియో అవుతుంది. పాత వీడియోలనూ ఇలా సరిచేశాకే మళ్లీ అప్లై చేయండి.