తాళం వేసినట్టు గుర్తా, వేయాలని గుర్తా?

‘సర్, డిగ్రీ అయింది. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి ప్రిపేరవుతున్నాను. రిమెంబర్, స్టాప్, ట్రై లాంటి వెర్బుల తర్వాత టు రావాలా, ఇంగ్ రావాలా అన్న దగ్గర మాక్ టెస్టుల్లో ప్రతిసారీ దెబ్బతింటున్నాను. పాస్ట్ అయితే ఇంగ్, ఫ్యూచర్ అయితే టు అని కోచింగ్‌లో చెప్పారు. అలా పెట్టినా తప్పవుతోంది. గుర్తుపట్టే పద్ధతి చెప్పండి.’

మీకు చెప్పిన సూత్రం సగమే నిజం. ‘ఐ రిమెంబర్డ్ టు లాక్ ద డోర్’ అన్న వాక్యం చూడండి. అది పాస్ట్‌లోనే ఉంది, తాళం వేయడం కూడా అయిపోయింది, అయినా టు వచ్చింది. ‘ఐ విల్ ఆల్వేస్ రిమెంబర్ మీటింగ్ యు’ ఫ్యూచర్‌లో ఉంది, కానీ ఇంగ్ వచ్చింది. అంటే చూడాల్సింది టెన్స్ కాదు. గుర్తు ముందా, పని ముందా అన్నది చూడాలి. పని ముందు జరిగి, దాని జ్ఞాపకం తర్వాత వస్తే ఇంగ్. పని సంగతి ముందు గుర్తొచ్చి, ఆ తర్వాత చేస్తే టు. మొదటి వాక్యంలో ఆయన బయటికి వెళ్తూ తాళం సంగతి గుర్తుతెచ్చుకున్నాడు, తర్వాత వేశాడు. ‘ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్’ అనే మనిషి మాత్రం బస్సెక్కాక, ‘తాళం వేసినట్టు నాకు గుర్తుందే’ అనుకుంటున్నాడు.

ఇక్కడ మన తెలుగే మనల్ని పడేస్తుంది. ‘లైట్ ఆపడం మర్చిపోయాను’ అంటాం. ‘ఆపడం’ అనగానే చెయ్యి ఇంగ్ మీదికి పోతుంది. ‘ఐ ఫర్గాట్ స్విచింగ్ ఆఫ్ ద లైట్’ అని రాస్తే, ఆపాను కానీ ఆపిన సంగతే ఇప్పుడు గుర్తులేదు అని అర్థం వస్తుంది. లైట్ వెలుగుతూనే ఉంటే ‘ఫర్గాట్ టు స్విచ్ ఆఫ్’ అనాలి. ‘తాళం వేయడం గుర్తుంచుకో’ కూడా ఇంతే, ఇంగ్లీష్‌లో అది ‘రిమెంబర్ టు లాక్’. నేను చూసిన తెలుగు మీడియం పిల్లల్లో ఎక్కువ మంది జారేది సరిగ్గా ఇక్కడే. అందుకే ఈ రెండు వెర్బులకీ ‘వేసినట్టు’ అని పెట్టి చూడండి. ‘వేసినట్టు గుర్తుంది’ అని అర్థం కుదిరితేనే ఇంగ్.

స్టాప్‌కి మాత్రం తెలుగు చక్కగా సాయం చేస్తుంది. ‘టీ తాగడం మానేశాడు’ అంటే ‘స్టాప్డ్ డ్రింకింగ్ టీ’. ‘టీ తాగడానికి ఆగాడు’ అంటే ‘స్టాప్డ్ టు డ్రింక్ టీ’. రెండో దానిలో అతను ఆపింది నడకో, డ్రైవింగో. టీ తాగడం అప్పుడే మొదలైంది.

పరీక్షలో ఈ తేడా ఎలా వస్తుందో ఒక ఎర్రర్ స్పాటింగ్ ప్రశ్నలో చూద్దాం. ‘ఆన్ హిజ్ వే హోమ్ / హి స్టాప్డ్ బయింగ్ / సమ్ మెడిసిన్స్ ఫర్ హిజ్ మదర్ / నో ఎర్రర్.’ రెండో ముక్కను విడిగా చదివితే గ్రామర్ తప్పు కనిపించదు, ‘స్టాప్డ్ బయింగ్’ సరైన ఇంగ్లీషే. అందుకే చాలామంది నో ఎర్రర్ పెట్టేసి ముందుకెళ్తారు. తప్పును పట్టించేది మొదటి ముక్క. ఇంటికెళ్లే దారిలో ఉన్నవాడు మందులు కొనడం మానేయడు, కొనడానికి ఆగుతాడు. కాబట్టి రెండో ముక్కలో ‘స్టాప్డ్ టు బయ్’ రావాలి. అదే ‘ఆన్ హిజ్ వే హోమ్’ స్థానంలో ‘ఆఫ్టర్ హిజ్ మదర్ రికవర్డ్’ అని ఉంటే? అప్పుడు ‘స్టాప్డ్ బయింగ్’ సరైనదే, జవాబు నో ఎర్రర్. వెర్బు పక్కన ఉన్న మాట కాదు, వాక్యం చివరో మొదట్లో ఉన్న మాటే జవాబు తేలుస్తుంది. టైర్ 1లో ఒక తప్పుకి అర మార్కు పోతుంది కదా, ఈ వెర్బులు కనిపించినప్పుడు వాక్యం మొత్తం ఇంకోసారి చదవడం నష్టమేం కాదు.

ట్రై సంగతి కొంచెం సున్నితం. ‘తలుపు తీయడానికి ప్రయత్నించాడు’ అంటే ‘ట్రైడ్ టు ఓపెన్’, తలుపు బిగుసుకుపోయి ఉండొచ్చు, తెరుచుకుందో లేదో తెలియదు. ఇంగ్ రూపానికి తెలుగులో అచ్చంగా సరిపోయే మాట ‘చేసి చూడు’. పప్పు చప్పగా ఉంది, ‘కొంచెం ఉప్పు వేసి చూడు’ అంటాం, అదే ‘ట్రై యాడింగ్ సమ్ సాల్ట్’. ఉప్పు వేయడంలో కష్టమేం లేదు, వేస్తే రుచి వస్తుందా అన్నదే ప్రశ్న. మామూలు మాటల్లో ఇంగ్లీష్ వాళ్లు ఈ రెంటి మధ్య ఒక్కోసారి తేడా పాటించరు. అందుకని ప్రశ్నలో ‘బట్ ఇట్ డిడ్ నాట్ హెల్ప్’ లాంటి తోక ఉందేమో చూసుకోండి. ‘హి ట్రైడ్ టేకింగ్ ఎ టాబ్లెట్, బట్ ద పెయిన్ డిడ్ నాట్ గో’: మాత్ర వేసుకున్నాడు, నొప్పి పోలేదు. అదే ‘బట్ హి కుడ్ నాట్ స్వాలో ఇట్’ అని ఉంటే మాత్ర గొంతు దిగనే లేదు, అక్కడ ‘ట్రైడ్ టు టేక్’ పెట్టండి.