సిగరెట్ తాగే స్నేహితుల మధ్య తాగకుండా ఉండడం: నా రెండు ప్రయత్నాల అనుభవం

ప్రశ్న: సిగరెట్ మానేసి ఇరవై రోజులైంది. రూమ్‌లో ఇద్దరు తాగుతారు, ఆఫీసులో దాదాపు టీమంతా తాగుతుంది. స్నేహితులు ఇస్తూనే ఉంటారు. వాళ్లను దూరం పెట్టుకోకుండా ఎలా నిలబడాలి?

మీ పరిస్థితి నాకు బాగా తెలుసు. మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూ, కేపీహెచ్‌బీ కాలనీలో ఇద్దరు మిత్రులతో ఒకే ఫ్లాట్‌లో ఉన్న రోజుల్లో నేను సిగరెట్ మానేశాను. ఆ మిత్రులిద్దరూ తాగేవారు. ఆఫీసులో మా ఏడుగురిలో నాతో కలిపి ఆరుగురికి ఆ అలవాటు ఉండేది. రోజుకు పన్నెండు కాల్చేవాడిని. మొదటిసారి మానినప్పుడు ముప్ఫై నాలుగో రోజున ఓడిపోయాను. మూడు నెలల తర్వాత మళ్లీ మానాను, అది ఇప్పటికీ నిలిచి ఉంది. రెండుసార్లూ మనుషులు మారలేదు, ఇల్లు మారలేదు, ఆఫీసు మారలేదు.

ఆ ముప్ఫై నాలుగో రోజున మా జట్టులో ఒకరికి ప్రమోషన్ వచ్చిందని సికింద్రాబాద్‌లో భోజనం చేసి, రాత్రి పదింటికి ఒక ఇరానీ హోటల్ ముందు చాయ్ తాగుతూ నిలబడ్డాం. పక్కనే పాన్ డబ్బా, దానికి దారంతో వేలాడదీసిన లైటరు ఉన్నాయి. మేం నలుగురం ఉన్నాం, వెలిగించినవి రెండు సిగరెట్లు, ఎందుకంటే చాయ్‌ని వన్ బై టూ చేసుకున్నట్టే సిగరెట్‌నూ పంచుకోవడం మా అలవాటు. స్నేహితులు బలవంతం చేస్తే ఏమనాలో నేను నెల రోజులుగా మనసులో సిద్ధం చేసుకున్నాను. అయితే ఆ రాత్రి ఎవరూ బలవంతం చేయలేదు, అసలు అడగనే లేదు. నా పక్కనున్న మిత్రుడు ఏదో చెబుతూ రెండు దమ్ములు లాగి, మాట ఆపకుండానే, ఐదేళ్లుగా చేస్తున్నట్టే సిగరెట్‌ను నా వైపు చాపాడు. నా కుడిచేయి ఖాళీగా ఉంది, అది అందుకుంది. రెండు దమ్ములు లాగి తిరిగి ఇచ్చేశాను. కాస్త తల తిరిగిందే తప్ప ఇంకేమీ అనిపించలేదు. ఇక దీనికి నేను బానిసను కానని సంతోషించాను కూడా.

అసలు దెబ్బ పన్నెండున్నరకు తగిలింది. ఇంటికి వచ్చి పడుకున్నవాడిని లేచి, హాల్లో టీవీ చూస్తున్న రూమ్మేట్ దగ్గరకు వెళ్లి నేనే ఒకటి అడిగి తీసుకున్నాను. పొగతో లోపలికి వెళ్లిన నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. దాదాపు రెండు గంటల్లో రక్తంలో దాని పరిమాణం సగానికి పడిపోతుంది. నెల రోజులుగా నెమ్మదించిన ఆ యంత్రాన్ని ఆ రెండు దమ్ములు మళ్లీ తిప్పాయి. ఎనిమిది రోజుల్లో నేను మళ్లీ పన్నెండుకు చేరుకున్నాను. ఆ ఎనిమిది రోజుల్లో స్నేహితులు ఇచ్చినది మొదటిది ఒక్కటే, మిగిలినవన్నీ నేను అడిగినవీ కొన్నవీ. అందుకే సంకల్పబలం గురించి ఉపన్యాసాలిచ్చేవారి మాట నేను ఒప్పుకోను. నిలబెట్టుకోవలసినవి రెండే రెండని నా గట్టి నమ్మకం: సిగరెట్ చాపినప్పుడు మన చేయి, రెండు గంటల తర్వాత మన నోరు.

చేయి సంగతి ముందు చెబుతాను. రెండోసారి మానినప్పుడు చాయ్ గ్లాసును ఎప్పుడూ కుడిచేత్తోనే పట్టుకున్నాను, ఎడమచేతిలో ఫోనో ఉస్మానియా బిస్కెట్టో ఉండేది. చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, చాపిన సిగరెట్‌ను అందుకోవాలంటే ముందు ఏదో ఒకటి కింద పెట్టవలసి వస్తుంది, ఆ రెండు క్షణాల్లో మనసు మేలుకుంటుంది. సిగరెట్ చేతులు మారే వరుసలో మధ్యన నిలబడడం కూడా మానేశాను, తాగని సహోద్యోగి పక్కనో, గాలి వచ్చే వైపు చివరనో నిలబడేవాడిని.

నోటి మాట విషయానికి వస్తే, మొదటిసారి నేను "మానేస్తున్నాను మామా, ఇరవై ఐదు రోజులైంది" అనేవాడిని. అది జవాబుగా కాక చర్చకు ఆహ్వానంలా పనిచేసేది. "ఇరవై ఐదు రోజులు ఆపినోడివి, ఒక్కదానికేమైతది" అని వెంటనే ఎవరో ఒకరు అనేవారు. దగ్గు అంటే దగ్గుకు మందు చెప్పేవారు, ఇంట్లో వద్దన్నారంటే ఇంట్లో ఎవరు చెబుతారని అడిగేవారు. కారణం చెప్పిన ప్రతిసారీ ఎదుటివారు పట్టుకుని లాగడానికి ఒక కొస ఇచ్చినట్టయ్యేది. రెండోసారి "వద్దు మామా, నేను తాగను" అని మాత్రమే అన్నాను, రోజుల లెక్క ఎవరికీ చెప్పలేదు. మళ్లీ అడిగితే అదే వాక్యం అదే గొంతుతో చెప్పి, అప్పటిదాకా నడుస్తున్న మాటలోంచే ఒక ప్రశ్న అడిగేవాడిని. దాదాపు రెండు వారాలకు అడగడం ఆగిపోయింది.

అయితే శరీరం ఆకలితో ఉంటే ఏ వాక్యమూ నిలవదు. మానిన తర్వాత మొదటి రెండు మూడు రోజులు యాతన ఎక్కువగా ఉంటుంది, మొత్తం మీద రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతుంది, ఆ తర్వాత కూడా చాయ్ వాసనకో స్నేహితుల నవ్వుకో కొన్ని నిమిషాల పాటు కోరిక లేస్తుంది. దీనికి నికోటిన్ గమ్ పనికివస్తుంది. కానీ మొదటిసారి నేను దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా చాయ్‌తో పాటు గబగబా నమిలాను, గొంతు మండి వెక్కిళ్లు వచ్చాయి, కోరిక మాత్రం తగ్గలేదు, పనికిరాదని పారేశాను. తప్పు గమ్‌ది కాదని తర్వాత ఒక మందుల దుకాణంలో ఫార్మసిస్ట్ చెబితే తెలిసింది. నెమ్మదిగా కొన్నిసార్లు నమిలి, మిరియాల్లాంటి ఘాటు తగలగానే ఆపి, చిగురుకూ బుగ్గకూ మధ్య ఉంచాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి, ఇలా దాదాపు అరగంట సాగాలి. నికోటిన్ నోటి లోపలి పొర గుండా రక్తంలోకి వెళుతుంది, మింగితే కడుపును బాధపెట్టడం తప్ప ఉపయోగం చాలా తక్కువ. గమ్‌కు పావుగంట ముందు నుంచి, అది నోట్లో ఉన్నంతసేపూ, చాయ్, కాఫీ, పళ్లరసాలు తాగకూడదు, ఎందుకంటే నోట్లో ఆమ్లత్వం పెరిగితే నికోటిన్ సరిగా ఇంకదు.

మా జట్టు నాలుగుంబావుకు చాయ్‌కి దిగేది. నేను మూడున్నరకు నా సీట్లోనే రెండు మిల్లీగ్రాముల గమ్ మొదలుపెట్టి, నాలుగింటికి తీసేసి, వాళ్లతో పాటు కిందికి దిగేవాడిని. శరీరం అప్పటికే శాంతించి ఉండేది కాబట్టి ఆ పదిహేను నిమిషాలూ స్నేహితులతో హాయిగా గడిచేవి. ఇలా మొదట్లో రోజుకు ఎనిమిది వరకు నమిలి, నెమ్మదిగా తగ్గించుకుంటూ మూడు నెలలకు పూర్తిగా ఆపేశాను. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించే అలవాటు ఉన్నవారికి సాధారణంగా నాలుగు మిల్లీగ్రాములది అవసరమవుతుంది, దానికి డాక్టరును అడగాలి. గుండె జబ్బు ఉన్నవారు ఏ గమ్ అయినా డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

చాయ్ గురించి ఇంకొక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది తెలియక నేను చాలా బాధపడ్డాను. సిగరెట్ పొగలోని కొన్ని పదార్థాలు కాలేయం చేత కెఫీన్‌ను వేగంగా కరిగింపజేస్తాయి. మానేయగానే ఆ వేగం తగ్గిపోతుంది, కాబట్టి అదే ఐదు కప్పుల చాయ్ రక్తంలో ఎక్కువసేపు ఉండిపోతుంది. పైగా చేతిలో సిగరెట్ లేదన్న వెలితితో మనం ఆరో కప్పు కూడా తాగుతాం. చేతులు వణకడం, గుండె దడ, రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టకపోవడం చూసి ఇదంతా సిగరెట్ లేని బాధే అనుకున్నాను. చాయ్‌ని సగానికి తగ్గించిన నాలుగు రోజుల్లో ఆ వణుకు పోయింది. మీకూ అలాంటిది ఉంటే ముందు కప్పులు లెక్కపెట్టండి.

ఆఫీసుల మీద నాకొక ఫిర్యాదు ఉంది. పనిచేసే చోట పొగతాగడం 2008 అక్టోబర్ 2 నుంచి దేశమంతటా నిషేధం, రెండు వందల రూపాయల వరకు జరిమానా ఉంది. అయినా మా భవనం వెనుక మెట్ల మీద రోజూ పొగే ఉండేది. నేను ఫిర్యాదు చేస్తే ఒక బోర్డు పెట్టారు, ఆ బోర్డు కిందే పీకలు పడేవి. మానాలనుకున్నవాడు ఆ వాసన దాటుకుని వెళ్లవలసి రావడం అన్యాయమని నేను ఇప్పటికీ అంటాను. మీ దగ్గర కూడా అలా ఉంటే లిఫ్ట్‌లోనే వెళ్లండి, ఫిర్యాదును మాత్రం రాతపూర్వకంగా ఇవ్వండి.

ఇంటి విషయంలో నేను మిత్రులను మానమని అడగలేదు. ఆదివారం ఉదయం ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాను, ఎందుకంటే నలుగురిలో చెబితే అది ఆటపట్టించే విషయమైపోతుంది. సిగరెట్లు, లైటరు హాల్లో బల్ల మీద పెట్టవద్దని, తాగేటప్పుడు బాల్కనీ తలుపు మూయమని, నాకు ఎప్పుడూ ఇవ్వవద్దని అడిగాను. చివరగా "నేనే అడిగినా సరే ఇవ్వొద్దు" అన్నాను. ఇద్దరూ నవ్వకుండా ఒప్పుకున్నారు. నిషా ఎక్కే పార్టీలకు మొదటి నెల వెళ్లనని కూడా చెప్పాను, ఎందుకంటే మద్యం తాగాక ఏ ఒప్పందమూ గుర్తుండదు.

జారిపోతున్నామని ముందే తెలిపే గుర్తులు కొన్ని ఉంటాయి. మొదటిసారి నేను ఓడిపోవడానికి వారం ముందు నుంచే స్నేహితుడి కోసం పాన్ డబ్బా దగ్గర విడి సిగరెట్ కొనిపెట్టడం మొదలుపెట్టాను, ఇది నాకు కాదు కదా అనుకున్నాను. తెలియకుండానే పొగ వచ్చే వైపు నిలబడేవాడిని. మీలో ఇవి కనిపిస్తే రెండు మూడు రోజులు ఆ బృందంతో చాయ్ మానుకోండి, సిగరెట్ డబ్బా మీద ముద్రించి ఉండే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేసి మాట్లాడండి. ఒకవేళ రెండు దమ్ములు లాగేస్తే, గడియారం చూసుకుని తర్వాతి కొన్ని గంటలు సిగరెట్ దొరకని చోట గడపండి, గమ్ దగ్గర ఉంచుకోండి.

రెండోసారి మానిన పదో వారంలో, ఒక రాత్రి ఆఫీసులో సర్వర్ పడిపోయి, రెండింటికి అలసిపోయి ఇంటికి చేరాను. బాల్కనీలో రూమ్మేట్ కాలుస్తున్నాడు. తలుపు తీసి, "ఒక్కటివ్వు" అన్నాను. వాడు నా ముఖం వైపు చూసి, తన చేతిలో ఉన్నదాన్ని ఆర్పేసి, ప్యాకెట్‌ను జేబులో పెట్టుకుని, "నువ్వే ఇయ్యొద్దన్నవ్ కదరా" అన్నాడు. కోపం వచ్చింది, చాలా గట్టిగానే తిట్టాను. వాడు ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లి రెండు గ్లాసుల మజ్జిగ కలిపి తెచ్చాడు, అది తాగి పడుకున్నాను.