బులెట్‌ప్రూఫ్ జాకెట్ మీద రాసి ఉండే లెవెల్ అసలు ఏం చెబుతుంది?

ప్రశ్న: మా తమ్ముడు సాయుధ గార్డుగా చేరాడు. వాడికి ఇచ్చిన జాకెట్ మీద లెవెల్ 3ఎ అని ఉంది. 3 కన్నా 3ఎ మెరుగైనదే కదా? అది వేసుకుంటే తుపాకీ ఏదైనా, కత్తి అయినా భయం లేనట్టేనా?

లేదండీ. 3 కన్నా 3ఎ తక్కువది. పేరు చూసి చాలామంది ఇలాగే పొరబడతారు. మీ తమ్ముడికి ఇచ్చింది మెత్తటి జాకెట్. అది పిస్టల్, రివాల్వర్ తూటాల కోసం చేసినది. రైఫిల్ తూటాలకు పరీక్షించేవి 3, 4 లెవెల్స్. వాటికి గట్టి ప్లేట్లు కావాలి. ఈ గందరగోళం వల్లే 2023లో అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జస్టిస్ పేర్లు మార్చింది. ఇప్పుడు చేతి తుపాకులకు హెచ్‌జి1, హెచ్‌జి2, రైఫిళ్లకు ఆర్‌ఎఫ్1, 2, 3 అంటారు. మీ 3ఎ స్థానంలో వచ్చింది హెచ్‌జి2. పాత పేర్లున్న జాకెట్లు మాత్రం ఇంకా వాడకంలో చాలా ఉన్నాయి.

నేను ఆరేళ్లు జాకెట్లు, ప్లేట్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేశాను. మట్టి దిమ్మెలు సిద్ధం చెయ్యడం, కాల్చాక గుంట లోతు కొలవడం నా పని. లెవెల్ అంటే ఏమిటో అక్కడే నాకు సరిగ్గా అర్థమైంది. అది ‘ఇంత బలం’ అని చెప్పే కొలత కాదు. ఫలానా తూటాను ఫలానా వేగంతో కాల్చాం, ఈ వస్తువు ఆపింది అని చెప్పే రికార్డు, అంతే. పాత ప్రమాణంలో 3ఎకి రాసిన తూటాలు రెండే: .357 సిగ్, .44 మాగ్నమ్. వేగాలు సెకనుకు సుమారు 448, 436 మీటర్లు. జాకెట్‌ను మోడలింగ్ బంకమట్టి దిమ్మెకు కట్టి ఐదు మీటర్ల దూరం నుంచి కాలుస్తాం. తూటా అవతలికి పోకూడదు, మట్టిలో గుంట 44 మిల్లీమీటర్లు దాటకూడదు.

ఆ 44 అంకె దగ్గర కాస్త ఆగండి. జాకెట్ పాసైంది అంటే వెనక నాలుగు సెంటీమీటర్ల గుంట పడినా పాసైనట్టే. మట్టి స్థానంలో మనిషి ఛాతీని ఊహించుకోండి. పక్కటెముక విరగవచ్చు, లోపల రక్తస్రావం కావచ్చు. తూటా ఆగింది కదా అని ఆసుపత్రికి వెళ్లకుండా ఉండకూడదని మీ తమ్ముడికి ఇప్పుడే చెప్పండి.

ఇక నా కళ్లముందు జరిగిన ఒక సంగతి. ఒక కొనుగోలుదారు లెవెల్ 3 ప్లేట్లు తెచ్చారు. పాలీఎథిలీన్‌వి, ఒక్కొక్కటి కిలోన్నర ఉంటుందేమో, చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది. లెవెల్ 3కి ఎం80 అనే 7.62 మిల్లీమీటర్ల తూటాతో పరీక్షిస్తారు. బరువు 9.6 గ్రాములు, వేగం సెకనుకు 847 మీటర్లు. ఆరు గుండ్లు కాల్చాం, ఆరూ ఆగాయి. ప్లేటు ఉబ్బింది గానీ ఒక్కటీ దాటలేదు. అప్పుడాయన, మా వాళ్లకు ఎదురయ్యేది 5.56 ఎం855, దాంతో కూడా చూడండి అన్నారు. నాలుగు గ్రాముల బుల్లి తూటా. మరో ప్లేటు పెట్టి కాల్చాం. మొదటి గుండే ప్లేటు దాటి మట్టిలోకి దిగిపోయింది.

లెక్క వేస్తే ఇది వింతగా ఉంటుంది. ఎం80 శక్తి దాదాపు 3400 జౌల్స్. ఎం855 సెకనుకు 950 మీటర్ల వేగంతో వచ్చినా 1800 జౌల్సే, అంటే సగం. పెద్దది ఆగింది, చిన్నది దూసుకుపోయింది. కారణం తూటా లోపల ఉంది. ఎం80 లోపల సీసం. ప్లేటుకు తగలగానే అది పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, దెబ్బ పడే జాగా పెరుగుతుంది, పాలీఎథిలీన్ పోగులు ఒకేసారి వందలుగా దాన్ని పట్టుకుంటాయి. ఎం855 ముక్కులో ఉక్కు ముక్క ఉంటుంది. అది విచ్చుకోదు. మొనగానే ఉండి కొద్ది పోగుల్ని కోసుకుంటూ పోతుంది.

ప్లేటు తయారు చేసినవాళ్లు అబద్ధం చెప్పలేదు. సర్టిఫికెట్ నిజమే, కానీ ఈ తూటా గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఆ రోజు ఆ కొనుగోలుదారు ముఖం ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే అవే ప్లేట్లు అప్పటికే తన మనుషులకు తొడిగించి పంపేశారు. కొత్త ప్రమాణంలో ఆర్‌ఎఫ్2 అనే లెవెల్‌లో ఎం855ను చేర్చారు. ఆ ఖాళీ అంత స్పష్టమైనది మరి.

ఉక్కు ప్లేటు కొంటే పోదా అంటారేమో. అక్కడ కథ తిరగబడుతుంది. చాలా ఉక్కు ప్లేట్లు ఎం855ను ఆపేస్తాయి గానీ, అదే తుపాకీ నుంచి సెకనుకు 990 మీటర్ల వేగంతో వచ్చే సీసపు తూటా, ఎం193, కొన్నిటికి బెజ్జం కొట్టేస్తుంది. అక్కడ గెలిచేది వేగం. ఉక్కు మొనను విరగ్గొట్టడానికి సిరామిక్ ఉంది. అదే లెవెల్ 4లో వాడేది. కానీ సిరామిక్ తాను పగిలి ఆపుతుంది. పాత ప్రమాణం లెవెల్ 4కి అడిగింది ఒక్క గుండును ఆపమనే. పైగా ఆ ప్లేటు చాలాసార్లు మూడు కిలోలు దాటుతుంది, ముందూ వెనకా కలిపితే ఆరేడు కిలోలు, అంతా మోసినా కప్పేది పాతిక సెంటీమీటర్ల వెడల్పు, ముప్పై సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే. పక్కలు, మెడ, భుజాలు బయటే. కింద పడేస్తే పైగుడ్డ కింద కనబడకుండా బీటలు వారుతుంది, ఎక్స్‌రే తీస్తే గానీ తెలియదు. 12.7 మిల్లీమీటర్ల తూటాకైతే ఈ ప్రమాణంలో ఏ లెవెలూ లేదు.

కత్తి సంగతి ఇంకో దారి. మెత్తటి జాకెట్‌లో పోగులు తూటాను వలలో చేపలా పట్టుకుంటాయి. మేకులాంటి మొన మాత్రం పోగుల మధ్య సందు చేసుకుని, గుడ్డలో సూది దిగినట్టు దిగుతుంది. కత్తి అంచు పోగుల్ని కోస్తుంది. అందుకే కత్తికి వేరే ప్రమాణం, వేరే జాకెట్. దాని మూడు లెవెల్స్‌లో పొడిచే శక్తి 24, 33, 43 జౌల్స్. కత్తి మొన ఏడు మిల్లీమీటర్లకు మించి అవతలికి రాకూడదు. మీ తమ్ముడి జాకెట్ లేబుల్ మీద కత్తి గురించి విడిగా రాసి లేకపోతే, కత్తి ఆగుతుందని అనుకోకండి.

జాకెట్ జేబు తెరిచి లోపలి ప్యానెల్ మీది లేబుల్ చూడమనండి. బయటి కవర్ మీద ఉన్నది నమ్మొద్దు, ప్యానెల్ మారి ఉండవచ్చు. ప్రమాణం పేరు, లెవెల్, తయారీ తేదీ, ఏ వైపు ఒంటికి తగలాలి అన్నవి అక్కడ ఉంటాయి. తేదీ నుంచి వారంటీ ఎన్నేళ్లో లెక్క చూడండి, సాధారణంగా ఐదేళ్లు ఇస్తారు. తర్వాత వాళ్లు ప్లేట్లు కూడా ఇస్తే వాటి మీద ICW అన్న అక్షరాలు ఉన్నాయేమో వెతకండి. అలా ఉంటే ఆ ప్లేటు ఒంటరిగా ఆ లెవెల్‌ను అందుకోదు, కింద ఫలానా మెత్తటి జాకెట్ ఉండాలి. ఎండ ఎక్కువగా ఉందని లోపలిది తీసేసి ప్లేటు ఒక్కటే వేసుకున్నవాళ్లను నేను చూశాను. వాళ్లకు చెప్పేదాకా అది తప్పని తెలియదు.