సామాజిక వెలివేతకు సూచికలు: వెళ్లని వారు, వెళ్లలేకపోయిన వారు

ప్రశ్న: "సామాజిక వెలివేతను ఆదాయం, చదువు, ఉద్యోగం, స్థానిక సమావేశాల్లో పాల్గొనడం అనే నాలుగు సూచికలతో కొలుస్తానని నా పరిశోధన ప్రతిపాదనలో రాశాను. ఇవి పేదరికాన్ని కొలుస్తాయి గానీ వెలివేతను కాదని గైడ్ తిప్పి పంపారు. ఎక్కడ సరిదిద్దుకోవాలి?"

జవాబు:

నా మొదటి ప్రతిపాదన కూడా దాదాపు ఇదే అభ్యంతరంతో వెనక్కి వచ్చింది. నేను చేసిన పొరపాటు సూచికలను ముందు ఎంచుకుని, నిర్వచనాన్ని తర్వాత వాటికి అతికించడం. నిర్వచనంలోని ఒక్కో షరతుకు ప్రశ్నావళిలో కనీసం ఒక ప్రశ్న ఉందా అని సరిచూసుకున్న రోజున లోపం ఎక్కడుందో నాకు తెలిసింది.

బ్రిటన్ పరిశోధకురాలు టానియా బర్కార్ట్, ఆమె సహచరులు 1999లో ఇచ్చిన నిర్వచనం ఇందుకు బాగా పనికొస్తుంది. ఒక సమాజంలో నివసిస్తూ, అక్కడి వారు మామూలుగా పాల్గొనే కార్యకలాపాల్లో పాల్గొనాలని ఉన్నా, తన చేతిలో లేని కారణాల వల్ల పాల్గొనలేకపోతున్న వ్యక్తి వెలివేతకు గురైనట్టు అని దాని సారాంశం. పాల్గొనకపోవడం, పాల్గొనాలన్న కోరిక, చేతిలో లేని కారణం అనే మూడు షరతులూ ఇందులో కలిసి ఉండాలి. మీ నాలుగో సూచిక వీటిలో మొదటిదాన్ని మాత్రమే పట్టుకుంటోంది.

ఆ సూచికనే తీసుకుని చూద్దాం. "గత 12 నెలల్లో మీ ప్రాంతంలో జరిగిన సమావేశాలకు ఎప్పుడైనా వెళ్లారా?" అని 100 మందిని అడిగితే 60 మంది లేదన్నారని అనుకుందాం. ఇక్కడితో ఆగితే వెలివేత 60 శాతం అని రాసేస్తాం. ఆ 60 మందినీ "వెళ్లాలని అనుకున్నారా?" అని అడిగితే 25 మంది అనుకోలేదన్నారు. మిగిలిన 35 మందిని కారణం అడిగితే, 10 మంది ఆ సమయానికి తామే వేరే పని పెట్టుకున్నామన్నారు, 25 మంది మాత్రం తమకు కబురు రాలేదనో, అక్కడ మెట్లు ఎక్కలేమనో, వెళ్లినా మాట్లాడనివ్వరనో చెప్పారు. నిర్వచనం ప్రకారం లెక్కకు వచ్చేది ఈ 25 మందే. అయితే 25ను 100తో భాగించాలా, లేక వెళ్లిన 40 మందినీ వెళ్లాలనుకున్న 35 మందినీ కలిపిన 75తో భాగించాలా అన్నది ప్రతిపాదనలోనే తేల్చి చెప్పాలి, ఎందుకంటే మొదటిది 25 శాతం, రెండోది 33 శాతం.

నిజమైన చిక్కు "వెళ్లాలని అనుకోలేదు" అన్న ఆ 25 మంది దగ్గర ఉంది. నా పైలట్ సర్వేలో ఒక పెద్దావిడ "నాకు ఆసక్తి లేదు" అన్నారు, నేనూ ఆ గడిలో టిక్ పెట్టేశాను. కాగితాలు సర్దుకుంటూ ఉండగా ఆవిడే మళ్లీ, "మొదట్లో వెళ్లేదాన్నమ్మా, రెండుసార్లు లేచి మాట్లాడబోతే కూర్చోమన్నారు, ఆ తర్వాత మానేశాను" అన్నారు. ఆ గడి అబద్ధం చెబుతోందని అప్పుడు అర్థమైంది. చాలాకాలం అడ్డంకులు ఎదురైన మనిషి కోరికనే తగ్గించుకుంటుంది, అందువల్ల ఎక్కువగా వెలివేతకు గురైనవారే లెక్కలోంచి ముందుగా జారిపోతారు. తర్వాత ఆ జవాబు ఇచ్చినవారందరికీ "ఇంతకు ముందు ఎప్పుడైనా వెళ్లారా? ఎందుకు మానేశారు?", "మిమ్మల్ని పిలిచి, మాట్లాడే అవకాశం ఇస్తే వెళ్తారా?" అనే రెండు ప్రశ్నలు చేర్చాను. వీటితో కోరిక అణగిపోయినవారు బయటపడితే వారిని కలిపి ఒక అంచనా, కలపకుండా ఒక అంచనా ఇవ్వండి. రెండింటినీ పక్కపక్కన చూపడమే నిజాయితీ అని నా అభిప్రాయం.

కారణాల జాబితాను కూడా ముందే ఊహించి రాయకండి. తెలుగులో "వెలివేత" అనగానే వేసేవాడు ఒకడు ఉన్నట్టు వినిపిస్తుంది, దాంతో మన ప్రశ్నలు కూడా "ఎవరు అడ్డుకున్నారు?" వైపే మొగ్గుతాయి. అమర్త్యసేన్ ఉద్దేశపూర్వకంగా జరిగే వెలివేతను, ఎవరూ తలపెట్టకుండానే పరిస్థితుల వల్ల జరిగిపోయే వెలివేతను వేరు చేశారు. మెట్లు ఉన్న హాలు రెండో రకం, కూర్చోమనడం మొదటి రకం. పైలట్‌లో కారణాన్ని వారి మాటల్లోనే రాసుకుని, ఆ మాటల నుంచే ప్రధాన సర్వేకు గడులు తయారుచేయండి.

ఇక ఆదాయం, చదువుల సంగతి. వాటిని వెలివేత సూచీలో కలిపి, తర్వాత "పేదలే ఎక్కువగా వెలివేతకు గురవుతున్నారా?" అని పరీక్షిస్తే, సూచీలో మీరు పెట్టినదే ఫలితంగా తిరిగి వస్తుంది. వాటిని వివరించే చలరాశులుగా సూచీకి బయట ఉంచండి. ఉద్యోగాన్ని ఉంచవచ్చు, కానీ పని చేయాలని ఉండి దొరకనివారిని, పని వెతకనివారిని పై పద్ధతిలోనే వేరు చేయాలి. అక్కడ కూడా వెతికి వెతికి మానేసినవారు "వెతకడం లేదు" అన్న గడిలోకే చేరతారు కాబట్టి, ఆ రెండు అదనపు ప్రశ్నలను పనికి తగినట్టు మార్చి వారినీ అడగండి.