శాతాల క్లాసులో స్టాప్‌వాచ్ ఎప్పుడు తీయాలి

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. వచ్చే నెల నుంచి గుంటూరు బ్రాడీపేటలో పోటీ పరీక్షల కొత్త బ్యాచ్‌కి లెక్కలు చెప్పబోతున్నావనీ, శాతాలతో మొదలుపెడతావనీ రాశావు. ప్లాను చూశాను. రెండు గంటల క్లాసులో 22 షార్ట్‌కట్లు, చివర 10 నిమిషాల టెస్టు అని ఉంది. దాన్ని తిరగేసి రాసుకోమ్మా. షార్ట్‌కట్లు మూడు నాలుగు చాలు. టెస్టూ, దాని మీద మాట్లాడుకోవడమూ కలిపి సగం క్లాసు పట్టాలి.

ఎందుకంటే, లెక్క తప్పిన పిల్లవాడి రఫ్ పేపరు తీసి చూడు. హెచ్చవేత చాలాసార్లు సరిగానే ఉంటుంది. శాతం దేని మీద తీయాలో, అంటే మనం బేస్ అంటామే, అక్కడ దారి తప్పి ఉంటాడు. 22 షార్ట్‌కట్లు నేర్పితే ఆ తప్పునే ఇంకా వేగంగా చేస్తాడు.

మొదటి 20 నిమిషాలు భిన్నాలకి ఇవ్వు. పెన్నులు మూయించి నోటితోనే అడుగు. సగం, మూడో వంతు, పావు ఎలాగూ వస్తాయి. ఆరో వంతు నుంచి పన్నెండో వంతు దాకా ఉన్నవాటి మీద నిలబడు. 1/9 అంటే 11 1/9 శాతం, 1/11 అంటే 9 1/11 శాతం. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి కాబట్టి పక్కపక్కనే అడగాలి. 12.5 శాతం 1/8 అని తెలిసినవాడికి 37.5 శాతం 3/8 అని విడిగా చెప్పక్కర్లేదు. అప్పుడు 648లో 37.5 శాతం ఎంత అంటే, 81 మూళ్ళు 243 అని కూర్చున్నచోటే చెబుతాడు. భిన్నానికి లొంగని 17 శాతం లాంటివాటిని ముక్కలు చేయించు. 350లో 10 శాతం 35, 5 శాతం 17.5, 2 శాతం 7, మొత్తం 59.5.

ఆ తరువాత 40 నిమిషాలూ ఒకే విషయం. 25 శాతం పెరిగింది అంటే 4 కాస్తా 5 అయింది. మళ్ళీ వెనక్కి రావాలంటే 5లోంచి 1 పోవాలి, అంటే 20 శాతం. బేస్ 4 నుంచి 5కి మారింది కాబట్టే పెరిగిన శాతమూ తగ్గాల్సిన శాతమూ వేరయ్యాయని బోర్డు మీద బాణాలు గీసి చూపించు. ‘జీతం ఇంత ఎక్కువైతే రెండోవాడిది ఎంత తక్కువ’, ‘ధర పెరిగితే వాడకం ఎంత తగ్గించాలి’ అనే లెక్కలకి పిల్లలు వేర్వేరు ఫార్ములాలు బట్టీ పడతారు. రెండూ ఈ 4, 5 లెక్కే. వరస మార్పులూ ఇలాగే. 20 శాతం పెరిగి 10 శాతం తగ్గితే 6/5ని 9/10తో హెచ్చవేయి, 54/50 వస్తుంది, మొత్తం మీద 8 శాతం పెరిగినట్టు. ఇది చేతికొచ్చాకే 20 – 10 – 2 అనే పొట్టి దారి చెప్పు.

ఒక లెక్కని మాత్రం తొందరపడకుండా చెయ్యి. కందిపప్పు ధర 20 శాతం తగ్గడంతో 480 రూపాయలకి ఒక కిలో ఎక్కువ వచ్చింది. పాత ధర ఎంత? ఆప్షన్లు 96, 100, 115.20, 120 అని పెట్టు. 480లో అయిదో వంతు 96 రూపాయలు మిగిలాయి. ఆ మిగిలిన డబ్బుకే కిలో వచ్చింది కాబట్టి కొత్త ధర 96. పాతది 5 భాగాలైతే కొత్తది 4 భాగాలు. 4 భాగాలు 96 అయితే 5 భాగాలు 120. సరిచూడు: 120 చొప్పున 4 కిలోలు, 96 చొప్పున 5 కిలోలు.

ఇక తప్పు జవాబులు చూడు. 96 పెట్టినవాడికి లెక్క వచ్చు, అడిగింది పాత ధర అని మరిచిపోయాడు. 115.20 పెట్టినవాడు 96కి 20 శాతం కలిపాడు, వాడికి బేస్ తెలియలేదు. ఒకే లెక్క తప్పినా వీళ్ళిద్దరికీ కావలసిన మందు వేరు. నువ్వు తయారుచేసే ప్రతి ప్రశ్నకీ ఆప్షన్లు ఇలాగే పెట్టమ్మా. ఏదో ఒక అంకె వేసి నింపితే తప్పు ఎక్కడ జరిగిందో నీకూ తెలియదు, వాడికీ తెలియదు.

గంట గడిచాక టెస్టు. మొదటి సెట్టు 10 ప్రశ్నలకి గడువు పెట్టకు. పూర్తయినప్పుడు ఎవరి టైము వాళ్ళు పేపరు మీద వేసుకోవాలి, అంతే. దిద్దుకున్న ప్రతి తప్పు పక్కనా ఒక అక్షరం రాయించు. బేస్ తప్పితే ‘బే’, కూడిక హెచ్చవేత తప్పితే ‘లె’, ప్రశ్న సరిగా చదవకపోతే ‘చ’. ఈ పనికి 20 నిమిషాలైనా ఇవ్వు, కోత పెట్టకు. రెండో సెట్టులో అవే రకాలు, అంకెలు మార్చి, 10 నిమిషాల్లో. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల ఎస్సెస్సీ సీజీఎల్ పరీక్ష మొదటి దశలో 60 నిమిషాలకి 100 ప్రశ్నలు, వాటిలో లెక్కలవి 25. లెక్కకి నిమిషం అంటే వాళ్ళకి సరిపోతుంది. చాలా బ్యాంకు ప్రిలిమ్స్‌లో 20 నిమిషాలకి 35 లెక్కలు కాబట్టి ఆ పిల్లలు క్రమంగా 6 నిమిషాలకి దిగాలి. అందరికీ మొదటిరోజే ఆ 6 నిమిషాలు పెట్టొద్దు.

టైము ఎప్పుడు తగ్గించాలో ఆ అక్షరాలే చెబుతాయి. ‘బే’లు ఎక్కువుంటే తగ్గించకు, బాణాల బొమ్మ దగ్గరికి వెనక్కి వెళ్ళు. ‘లె’లు ఉంటే మర్నాడు నోటి లెక్కలు ఇంకాస్త పెంచు. ‘చ’లు ఉంటే ప్రశ్నలో చివరి వాక్యం కింద గీత గీసి మొదలుపెట్టమను. అన్నీ సరైనా ఆలస్యమయ్యేవాడుంటాడు. వాడి రఫ్ వర్కులో 12.5ని 125/1000గా రాసి కొట్టివేతలు చేస్తూ కనిపిస్తాడు. వాడికి భిన్నాలు తెలుసు కానీ నమ్మకం లేదు. ఒక సెట్టు పెన్ను లేకుండా చేయించు.

20 సెకన్లలో బేస్ దొరక్కపోతే ప్రశ్న చుట్టూ సున్నా చుట్టి వదిలేయడం కూడా టెస్టులో భాగమే. సీజీఎల్‌లో ఒప్పుకి 2 మార్కులు, తప్పుకి అర మార్కు కోత. ఆ కోతకన్నా మొండి లెక్క దగ్గర పోయే రెండు నిమిషాలే ఎక్కువ నష్టం.

భిన్నం పెట్టగానే తేలని లెక్క ఒకటి మొదటి క్లాసులోనే చూపించు. మిర్చి యార్డు ఉన్న ఊరు కాబట్టి అదే తీసుకో. 90 కిలోల పండుమిర్చిలో 80 శాతం నీరు. ఎండాక నీరు 10 శాతమే ఉంది. ఎండుమిర్చి ఎంత? సగం క్లాసు 80లోంచి 10 తీసేసి, 70 శాతం పోయింది, 27 కిలోలు అంటుంది. 80 శాతం పండు బరువు మీద, 10 శాతం ఎండు బరువు మీద. బేసులు వేరైన శాతాలని తీసివేయకూడదు. ఎండలో మారనిది నీరు కాని భాగం, 90లో 20 శాతం, 18 కిలోలు. ఎండుమిర్చిలో అది 90 శాతం. కాబట్టి 20 కిలోలు. ‘ఇందులో మారనిది ఏది?’ అని ముందు వాళ్ళనే అడిగి, జవాబు వచ్చేదాకా ఆగు.

ఇంటికి ఇచ్చే మూడో సెట్టు 8 నిమిషాలకి పెట్టు. తెనాలి, సత్తెనపల్లి నుంచి వచ్చేవాళ్ళు బస్సుల్లోనూ రైళ్ళలోనూ చేస్తారు కాబట్టి ఒకే కాగితంలో పట్టేలా అచ్చు వేయించు. మర్నాడు ఆ కాగితాలు తీసుకుని ‘బే’ ఎక్కువ పడిన రెండు ప్రశ్నలు ఏరి, వాటితోనే క్లాసు మొదలుపెట్టు. మొదటి వారం కాగితాలు పారేయకుండా నాకు పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మాస్టారు,
విజయవాడ