జర్మన్ లైసెన్స్ వెనకవైపు కోడ్‌లను అనువదించడం

జర్మన్ డ్రైవింగ్ లైసెన్స్ ఫోటో ఉంది. ఆఫీసులో ఇవ్వడానికి తెలుగులో రాయాలి. వెనక 79.03 లాంటి అంకెలు ఎలా రాయాలి?

అంకెను ఉన్నది ఉన్నట్టే ఉంచి, పక్కన అర్థం రాయండి. వెనకవైపు పట్టికలో 9 వాహన తరగతి, 10 ఆ తరగతి మొదట ఇచ్చిన తేదీ, 11 దాని గడువు, 12 పరిమితులు. అసలు చిక్కంతా ఈ 12తోనే.

ఉదాహరణకు A వరుసలో తేదీ ఉండి, 12లో 79.03, 79.04 ఉన్నాయనుకోండి. 79.03 అంటే మూడు చక్రాల వాహనాలకే అనుమతి. 79.04 అంటే వాటికి 750 కిలోలకు మించని ట్రైలర్ తగిలించవచ్చు. ఈ గడి వదిలేస్తే ఆ లైసెన్స్ ఉన్న వ్యక్తికి పెద్ద మోటార్‌సైకిల్ లైసెన్స్ ఉందని అధికారి అనుకుంటారు. అది చిన్న పొరపాటు కాదు. పట్టిక కింద, తరగతులన్నిటికీ కలిపి ఉండే 12 కూడా చూడండి. అక్కడ 01.06 ఉంటే, నడిపేటప్పుడు కళ్లద్దాలో కాంటాక్ట్ లెన్సులో తప్పనిసరి.

ముందువైపు 4a కార్డు ఇచ్చిన తేదీ. కార్డు మార్చుకున్నవారికి ఇది 10లోని తేదీతో కలవదు, సరిచేయకండి. తేదీల వరుస రోజు, నెల, సంవత్సరం.

ఫోటోలో మెరుపు పడి అంకె కనబడకపోతే ఊహించవద్దు. మళ్లీ ఫోటో అడగండి, దొరక్కపోతే ఆ గడిలో "చదవడానికి వీల్లేదు" అని రాయండి.