వైరింగు కోర్సు పెట్టబోతున్న మేనల్లుడికి

తిరుపతి, కొర్లగుంట

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

చిత్తూరులో నీవు మొదలుపెట్టబోయే ఇంటి వైరింగు కోర్సు ప్రణాళిక అందింది. రెండుసార్లు చదివాను. రోజుకు 3 గంటల చొప్పున 40 రోజులు, మొత్తం 120 గంటలు, పన్నెండు మంది పిల్లలు అన్నంతవరకు బాగానే ఉంది. అయితే అందులో 60 గంటలు పాఠానికి, 60 గంటలు పనికి పంచి, చివర వంద మార్కులకు రాత పరీక్ష పెట్టావు. ఓం సూత్రాన్ని తప్పు లేకుండా రాసి, గదులకు కరెంటు పంచే డి.బి. బాక్సు మూత తీయగానే ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియక నిలబడిపోయే కుర్రవాళ్లు నా దగ్గరకు చాలామంది వచ్చారు. అందువల్ల చివరి రోజున కుర్రవాడు నీ ఎదుట ఏమి చేసి చూపాలో ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కు వచ్చి గంటలు పంచుకొమ్మని నా సలహా.

నైపుణ్యాల కింద నీవు "ఎర్తింగు గురించి తెలుసుకొనును" అని రాశావు. తెలుసుకున్నాడో లేదో నీవెలా చూస్తావు? దానికి బదులు "పూర్తయిన వైరింగులో ప్రతి సాకెట్టు ఎర్తు పిన్నుకూ, డి.బి.లోని ఎర్తు పట్టీకీ మధ్య కలయిక ఉన్నదని మీటరుతో కొలిచి చూపును" అని రాస్తే, చూసేవాడికీ చేసేవాడికీ అనుమానం ఉండదు. ఇలాంటివి ఆరు చాలు: కరెంటు లేదని రుజువు చేసుకుని పని మొదలుపెట్టడం, వైరు కొన తీసి స్క్రూ కింద బిగించడం, పైపు వేసి వైరు లాగడం, లైటు, సాకెట్టు సర్క్యూట్లు కట్టడం, డి.బి., ఎర్తు కలపడం, చివరగా పరీక్షించి లోపం పట్టడం.

పాఠానికి 30 గంటలు ఉంచి, 90 గంటలు పనికి ఇవ్వు. ఆ తొంభైలో మొదటిదానికి 6, కొన బిగించడానికి 12, పైపు, వైరు పనికి 20, సర్క్యూట్లకు 20, డి.బి.కి 14, లోపం పట్టడానికి 18 గంటలు. స్క్రూ బిగించడానికి పన్నెండు గంటలా అని నీవు నవ్వవచ్చు. సాకెట్టు రంధ్రంలో పట్టడం లేదని 2.5 చదరపు మి.మీ. వైరులో నాలుగు పోగులు కత్తిరించి దూర్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ చోట వైరు సన్నబడి, గీజరు వేసిన ప్రతిసారీ వేడెక్కి, కొన్నాళ్లకు ప్లాస్టిక్కు గోధుమ రంగుకు తిరుగుతుంది. బిగించిన ప్రతి వైరునూ లాగి చూసే అలవాటు చేతికి రావాలంటే కనీసం రెండు మూడు వందల కొనలు బిగించాలి. గోడకు గాడి కొట్టడం మాత్రం కోర్సులో పెట్టకు. అది తాపీ పని జరిగే చోట వారం రోజుల్లో వస్తుంది.

లోపం పట్టే 18 గంటల గురించే నేను ఎక్కువగా చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం తిరుపతిలో ఒక లాడ్జికి నేనే వైరింగు చేశాను. ఒక అంతస్తులో నాలుగు గదులకు కలిపి 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి పడిపోయే ఆర్.సి.సి.బి. ఒకటి, గదికొక ఎం.సి.బి. పెట్టాను. నాలుగో గదిలో గీజరు వేస్తే చాలు, అంతస్తంతా ఆరిపోయేది. గీజరులోనే లీకేజీ ఉందని తేల్చి, యజమాని చేత కొత్తది కొనిపించాను, అదీ పడగొట్టింది. అప్పుడు ఒక్కొక్క ఎం.సి.బి. దించి చూస్తూ ఒక పూటంతా గడిపాను. రెండో గదిది దించినా, మూడో గదిది దించినా ఫలితం అదే.

తప్పు రెండో గదిలో ఉంది. అక్కడ స్విచ్చుబోర్డు పలక బిగించేటప్పుడు స్క్రూ న్యూట్రల్ వైరు మీది తొడుగును చీల్చి, లోపలి తీగను ఎర్తు చేసిన ఇనుప బాక్సుకు తాకించింది. మనం ఇళ్లలో వాడే ఒంటి పోలు ఎం.సి.బి. ఫేజును మాత్రమే తెంపుతుంది. న్యూట్రల్ మాత్రం డి.బి.లోని న్యూట్రల్ పట్టీకి కలిసే ఉంటుంది. నాలుగో గది గీజరు తీసుకున్న కరెంటు పట్టీ దాకా తిరిగి వచ్చాక, అందులో కొంత రెండో గది న్యూట్రల్ గుండా బాక్సులోకి, ఎర్తులోకి పోయింది. వెళ్లిన కరెంటుకూ తిరిగి వచ్చిన కరెంటుకూ తేడా కనబడగానే ఆర్.సి.సి.బి. పడింది. దాని తప్పూ లేదు, గీజరు తప్పూ లేదు. ఆ గీజరు డబ్బు నా కూలిలో తగ్గించుకున్నాను.

దీనిని పట్టే పద్ధతి పిల్లల చేత పదేపదే చేయించు. గదుల్లోని పరికరాల ప్లగ్గులన్నీ తీయించి, మెయిను దించి, కరెంటు లేదని చూసుకోవాలి. ఆ చూడడంలోనూ వరుస ఉంది: టెస్ట్ ల్యాంపును ముందు కరెంటు ఉన్న చోట వెలిగించి, తరువాత పని చేయవలసిన చోట పెట్టి, మళ్లీ కరెంటు ఉన్న చోట వెలిగించి చూడాలి. లేకపోతే బల్బు మాడిపోయిన ల్యాంపును నమ్మి చెయ్యి పెట్టినవాడవుతాడు. ఆ తర్వాత ఆర్.సి.సి.బి. కింద ఉన్న పట్టీ నుంచి న్యూట్రల్ వైర్లను చీటీలు కట్టి విడదీసి, ఒక్కొక్కదానికీ ఎర్తుకూ మధ్య తొడుగు నిరోధాన్ని 500 వోల్టుల మెగ్గరుతో కొలవాలి. మంచి వైరు ఎన్నో మెగ్ ఓములు చూపుతుంది, ఒకటి కంటే తగ్గకూడదు. తాకుతున్నది సున్నా దగ్గర నిలుస్తుంది. సర్క్యూటు తెలిశాక మధ్యలో ఒక జంక్షన్ బాక్సు దగ్గర వైరును విడదీసి రెండు ముక్కలనూ కొలిస్తే, వెతకవలసిన దూరం ప్రతిసారీ సగమవుతుంది.

నిలువు ప్లైవుడ్ పలకలు ఆరు చేయించి, ఇద్దరికొకటి ఇవ్వు. చివరి పరీక్ష వాటి మీదే జరగాలి. రాతకు 20 మార్కులు, ఇచ్చిన బొమ్మ ప్రకారం కట్టిన పనికి 45, లోపాలు పట్టడానికి 35 ఉంచు. లోపాలు మూడు పెట్టు: పైన చెప్పినది ఒకటి, స్విచ్చును ఫేజులో కాక న్యూట్రల్లో కట్టినది ఒకటి, వదులుగా ఉన్న స్క్రూ ఒకటి. రెండో లోపంలో లైటు ఆరుతుంది కనుక అంతా సరిగానే ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ హోల్డరులో ఫేజు అలాగే ఉంటుంది. ఎల్.ఇ.డి. బల్బు అయితే చీకట్లో సన్నగా మినుకుమనవచ్చు, అది ఒక గుర్తు.

ఒక్కొక్కరికి 40 నిమిషాలిచ్చి, ఏ వైరునైనా విప్పే ముందు కొలత కాగితం మీద రాయాలని షరతు పెట్టు. కొలత లేకుండా ఊహతో దొరికిన లోపానికి సగం మార్కులే ఇవ్వాలి, ఎందుకంటే ఊహ నా చేత గీజరు కొనిపించింది. కరెంటు లేదని చూసుకోకుండా చెయ్యి పెట్టినవాడికి మాత్రం, మిగతావన్నీ చేసినా, ఆ రోజు పరీక్ష అక్కడితో ఆపించు. మరో వారం తరువాత మళ్లీ రావచ్చు. మార్కులు వేసేది పాఠం చెప్పిన నీవు కాకుండా, బయట పని చేసే అనుభవజ్ఞుడైతే మంచిది. కావాలంటే నేను రైలెక్కి వస్తాను.

సర్టిఫికెట్టు మీద కోర్సు పేరుతో పాటు ఆ ఆరు నైపుణ్యాలనూ, పని చేసిన గంటలనూ అచ్చు వేయించు. అది ప్రభుత్వం ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ కాదనీ, మీటరుకు అవతలి వైపు సర్వీసు వైరు విద్యుత్ సంస్థదే గనుక ముట్టరాదనీ మొదటి రోజే చెప్పి, పిల్లల చేత సంతకం పెట్టించుకో. మెగ్గరు కొనవద్దు, నా పాతది పంపుతున్నాను. బ్యాటరీలు మాత్రం మార్చుకో.

ఇట్లు,
మీ మామయ్య